తొమ్మిదో వాయి దగ్గర సగటు ఎందుకు తిరిగింది?

"సార్, నేను ప్రొద్దుటూరులో ఇంటర్ సీఈసీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతున్నాను. వ్యయ రేఖల పాఠం వచ్చినప్పుడల్లా ఒక పిల్లాడు లేచి అడుగుతాడు: 'మొత్తం వ్యయం పెరుగుతూనే ఉంటుందంటారు, సగటు వ్యయం మొదట తగ్గి తర్వాత పెరుగుతుందంటారు. ఖర్చు ఒకటే కదా మేడమ్, ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి ఎట్లా తగ్గుతుంది?' పుస్తకంలోని బొమ్మ బోర్డు మీద వేసి చూపించాను. వాడికి ఎక్కలేదు. నిజం చెప్పాలంటే నాకూ నోటితో చెప్పడం రావట్లేదు. ఎట్లా చెబితే బాగుంటుంది?"
– ఒక లెక్చరర్, ప్రొద్దుటూరు

అమ్మా, బొమ్మను కాసేపు పక్కన పెట్టండి. 'యూ' ఆకారం చూపిస్తే పిల్లలు ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటారు, కారణాన్ని వదిలేస్తారు. ముందు ఒక లెక్క చేయించండి, అదీ వాళ్లకు తెలిసిన పని మీద. అనంతపురంలో నా దగ్గరికి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయికి కూడా ఇదే అనుమానం వచ్చింది. మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు దాదాపు జరిగినట్టే రాస్తున్నాను, మీ క్లాసుకు పనికొచ్చినంత వాడుకోండి.

ఆ అమ్మాయిది గుత్తి దగ్గర పల్లె. వాళ్ల నాన్న మోటారుతో తిరిగే చెక్కగానుగ నడుపుతాడు. ఊరివాళ్లు శనగవిత్తనాలు తెచ్చుకుంటే ఈయన కూలికి ఆడించి నూనె, చెక్క రెండూ వాళ్లకే ఇచ్చేస్తాడు. ఈ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. విత్తనాల ధర మన లెక్కలోకి రాదు, ఆడించడానికి అయ్యే ఖర్చు ఒక్కటే మిగులుతుంది.

"గానుగ ఒక్క వాయి కూడా ఆడకపోయినా మీ నాన్నకు రోజుకు ఎంత ఖర్చు?" అని అడిగాను.

"గది బాడుగ ఉంది, బ్యాంకు కంతు ఉంది. గానుగ దగ్గర ఉండే మామకు పని ఉన్నా లేకున్నా కూలి ఇయ్యాల్సిందే సార్."

అంకెలు గుండుగా వేసుకున్నాం. బాడుగ రోజుకు 200, కంతు 200, మామ కూలి 500. మొత్తం 900. ఇది స్థిర వ్యయం. వాయి అంటే పన్నెండు కిలోల విత్తనాలు, ఆడటానికి సుమారు గంట. వాయికింత అని అయ్యే ఖర్చు వేరే, అది చర వ్యయం. కరెంటు, విత్తనాల్లో రాళ్లు ఏరే ఆమెకు ఇచ్చే కూలి, చిల్లర మల్లర. పొద్దున మొదటి వాయికి గానుగ చల్లగా ఉంటుంది, నూనె దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి ఖర్చు కాస్త ఎక్కువ. గానుగ వేడెక్కాక తగ్గుతుంది. నాలుగు గంటలకు రాళ్లు ఏరే ఆమె వెళ్లిపోతుంది కనక ఆరో వాయి నెమ్మదిస్తుంది. ఐదు దాటితే మామకు ఓవర్‌టైమ్. ఏడు దాటితే ఓవర్‌టైమ్ రెట్టింపు, పైగా మధ్యలో మోటారును చల్లారనివ్వాలి, మామను ఇంటికి చేర్చడానికి ఆటో ఛార్జీ. ఇవన్నీ అమ్మాయే చెప్పింది. నేను వాటికి అంకెలు తొడిగి పట్టిక గీయించాను.

| వాయి | ఆ వాయికి అదనంగా అయిన ఖర్చు (రూ.) | మొత్తం వ్యయం (రూ.) | సగటు వ్యయం (రూ.) |
|---|---|---|---|
| 1 | 80 | 980 | 980 |
| 2 | 70 | 1,050 | 525 |
| 3 | 60 | 1,110 | 370 |
| 4 | 60 | 1,170 | 292.50 |
| 5 | 60 | 1,230 | 246 |
| 6 | 80 | 1,310 | 218.30 |
| 7 | 120 | 1,430 | 204.30 |
| 8 | 190 | 1,620 | 202.50 |
| 9 | 280 | 1,900 | 211.10 |
| 10 | 400 | 2,300 | 230 |

పట్టిక నేను నింపలేదు. మొదటి రెండు నిలువు వరుసలు ఇచ్చి మిగతావి ఆ అమ్మాయితోనే చేయించాను. మీరూ అట్లాగే చేయించండి. భాగహారం సొంతంగా చేసిన పిల్లలు ఎనిమిది, తొమ్మిది వాయిల దగ్గర తమంతట తామే ఆగుతారు. ఈమె కూడా అక్కడే పెన్ను ఆపింది.

"తొమ్మిదో వాయి దగ్గర సగటు తిరిగింది సార్. ఎందుకు?"

"దానికి ముందు ఒకటి చెప్పు. మొత్తం వ్యయం వరుసలో ఎక్కడైనా తగ్గిందా?"

"లేదు."

"ఎందుకు తగ్గలేదు?"

కొంచెం ఆలోచించి, "ప్రతి వాయికీ ఎంతో కొంత ఖర్చు ఉంది కదా సార్" అంది.

అంతే, మొత్తం వ్యయం సంగతి ఆ ఒక్క మాటతో తేలిపోయింది. తర్వాతి వాయికి అయ్యే ఖర్చు సున్నా కంటే ఎక్కువగా ఉన్నంతకాలం మొత్తం పెరుగుతూనే ఉంటుంది. అరవై రూపాయలైనా పెరుగుతుంది, నాలుగు వందలైనా పెరుగుతుంది. వేగంలో తేడా ఉంటుందేమో గానీ దిశ మారదు. మొత్తం తగ్గాలంటే ఇంకో వాయి ఆడించినందుకు ఎవరైనా మన ఖర్చే కొంత వెనక్కి ఇవ్వాలి. ఏ గానుగలోనూ అట్లా జరగదు.

"ఇప్పుడు సగటు. ఏడు వాయిలు అయ్యాక సగటు ఎంత?"

"రెండు వందల నాలుగు చిల్లర."

"ఎనిమిదో వాయికి ఎంత అయింది?"

"నూట తొంభై."

"అంటే ఇప్పటిదాకా ఉన్న సగటు కంటే తక్కువ ఖర్చుతో వచ్చిన వాయి అది. కలిపితే సగటు ఎటు పోతుంది?"

"కిందికి. కానీ సార్, నూట తొంభై అంటే ముందరి నూట ఇరవై కంటే ఎక్కువ కదా. ఖర్చు పెరుగుతున్నప్పుడు సగటు ఎట్లా తగ్గుతుంది?"

మీ పిల్లాడి మనసులో ఉన్న ముడి కూడా ఇదే అయి ఉంటుందని నా అనుమానం. కొత్త వాయి ఖర్చును దాని ముందరి వాయితో పోలుస్తున్నారు. సగటుకు ఆ పోలికతో పనిలేదు. కొత్త వాయి ఖర్చు అప్పటిదాకా ఉన్న సగటు కంటే ఎక్కువా, తక్కువా అన్నదే లెక్క. ఆ అమ్మాయికి క్రికెట్ పిచ్చి, ఆర్డీటీ గ్రౌండులో మ్యాచ్ ఉంటే క్లాసుకు రాదు. అందుకని ఆ దారిలోనే అడిగాను. ఒక బ్యాట్స్‌మన్ ఐదుసార్లు ఆడి, ఐదుసార్లూ అవుటై, 250 పరుగులు చేశాడు. సగటు 50. ఆరోసారి 20 కొట్టి అవుటయ్యాడు. మొత్తం ఎంత? 270. తగ్గిందా? లేదు. సగటు? 45. తగ్గింది. ఏడోసారి 30 కొట్టాడు. ముందరి 20 కంటే నయమే. అయినా సగటు ఇంకా తగ్గి 43 దగ్గరికి వస్తుంది, ఎందుకంటే 30 అనేది 45 కంటే తక్కువ.

అమ్మాయి మళ్లీ పట్టిక వైపు తిరిగింది. "అట్లయితే మొత్తానికి గీత సున్నా దగ్గర ఉంది, సగటుకు గీత సగటు దగ్గరే ఉంది."

ఈ మాట ఆమెదే. మీ క్లాసులో ఇదే మాట పిల్లల నోటి నుంచి రప్పించగలిగితే సగం పాఠం అయిపోయినట్టే. కొత్త వాయి ఖర్చుకు పుస్తకంలో ఉన్న పేరు ఉపాంత వ్యయం. అదే మొత్తాన్నీ నడుపుతుంది, సగటునూ నడుపుతుంది. మొత్తం విషయంలో దాన్ని సున్నాతో పోల్చాలి, సగటు విషయంలో అప్పటి సగటుతో పోల్చాలి. ఎనిమిదో వాయి 190, అప్పటి సగటు 204.30, అందుకే తగ్గింది. తొమ్మిదో వాయి 280, అప్పటి సగటు 202.50, అందుకే తిరిగింది. రెండుసార్లూ మొత్తం మాత్రం పెరిగింది. మీ పిల్లాడు 'ఖర్చు ఒకటే కదా' అన్నాడు చూడండి, వాడన్నది నిజమే. ఒకే ఖర్చును రెండు వేర్వేరు గీతలతో పోలుస్తున్నాం, అంతే.

ఇంకో సంగతి గమనించండి. ఉపాంత వ్యయం ఆరో వాయి నుంచే పెరగడం మొదలైంది. సగటు మాత్రం ఎనిమిదో వాయి దాకా తగ్గుతూనే ఉంది. పరీక్ష పేపర్లు దిద్దినప్పుడు నాకు ఎక్కువగా కనబడిన తప్పు ఇక్కడిదే: 'ఉపాంత వ్యయం పెరగగానే సగటు వ్యయం పెరుగుతుంది' అని రాస్తారు. పెరగగానే కాదు, పెరిగి పెరిగి సగటును దాటాకే.

ఇంతవరకూ ఎటు తిరుగుతుందో తెలిసింది. అసలు సగటు మొదట్లో అంత జోరుగా తగ్గి, చివర్లో అట్లా తిరగడానికి గానుగలో ఏం జరుగుతోంది అన్నది ఇంకా మిగిలే ఉంది. అమ్మాయి కూడా ఊరుకోలేదు.

"980 నుంచి 525కు పడింది సార్, సగానికి దగ్గరగా. రెండో వాయిలో ఏమంత ఆదా అయింది?"

"రెండో వాయిలో ఆదా అయింది పది రూపాయలే. మిగతాది ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. 900ను ఒక్క వాయి మీద వేస్తే ఎంత?"

"900."

"రెండిటి మీద?"

"450."

"అక్కడే 450 తగ్గింది. ఇప్పుడు ఎనిమిది నుంచి తొమ్మిదికి పోతే?"

ఆమె భాగించి చూసింది. 112.50 నుంచి 100కు. "పన్నెండున్నరే సార్."

బాడుగ, కంతు, మామ కూలి ఎన్ని ఎక్కువ వాయిల మీద పంచితే అంత పలచబడతాయి. కానీ పంచగా పంచగా వచ్చే లాభం సన్నగిల్లుతుంది. మొదట ఒక్క అడుగులో 450 రూపాయలు దించిన శక్తి, తొమ్మిదో వాయికి పన్నెండున్నర దగ్గర ఆగిపోయింది. అదే సమయంలో రెండోవైపు నుంచి చర వ్యయం పైకి లాగుతోంది. ఎనిమిది వాయిలకు చర వ్యయం మొత్తం 720, వాయికి 90. తొమ్మిదికి 1,000, వాయికి 111 పైచిలుకు. అంటే ఒకవైపు పన్నెండున్నర కిందికి, ఇంకోవైపు ఇరవై ఒకటి పైకి. తేడా ఎనిమిదిన్నర, సగటు 202.50 నుంచి 211.10కి పోయింది కూడా దాదాపు అంతే. అమ్మాయి ఈ రెండూ కలిపి చూసి సరిపోయిందని ముచ్చటపడింది. పిల్లలకు ఇట్లాంటి చోట లెక్క రెండు దారుల్లో ఒకే జవాబు ఇస్తే నమ్మకం కుదురుతుంది, మీరు తప్పకుండా చేయించండి.

చర వ్యయం ఎందుకు అంత పెరుగుతోంది అంటే, గానుగ ఒక్కటే, మోటారు ఒక్కటే, మామ ఒక్కడే. ఆ ఒక్కదాని మీదే ఇంకా ఇంకా పని వేస్తున్నాం. రాత్రి ఏడు దాటాక అలసిన మనిషి, వేడెక్కిన మోటారు ఒక్కో వాయికి ఎక్కువ సేపు, ఎక్కువ కూలి తీసుకుంటాయి. పుస్తకం దీన్నే క్షీణ ప్రతిఫలాల సూత్రం అంటుంది, స్వల్పకాలానికి వర్తిస్తుందని కూడా చెబుతుంది. స్వల్పకాలం అంటే ఎన్ని నెలలని పిల్లలు అడుగుతారు. నెలల లెక్క కాదు, రెండో గానుగ వచ్చేదాకా అని చెప్పండి. రెండో గానుగ వస్తే స్థిర వ్యయమే మారిపోతుంది, పట్టిక మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. ఇంటర్ పిల్లలకు అంతకు మించి వద్దు.

ఇప్పుడు బొమ్మ వేయవచ్చు, కానీ ఒక జాగ్రత్త. చాలామంది మొత్తం వ్యయ రేఖనూ సగటు వ్యయ రేఖనూ ఒకే బొమ్మలో వేసేస్తారు. పిల్లాడికి ఒకటి పైకి, ఒకటి కిందికి పోతూ కొట్టుకుంటున్నట్టు కనబడుతుంది. నిలువు అక్షం మీద మొత్తానికి కొలత 'రూపాయలు', సగటుకు కొలత 'వాయికి రూపాయలు'. కొలతలే వేరైనప్పుడు ఎత్తులు పోల్చి ఏం లాభం? రెండు బొమ్మలు ఒకదాని కింద ఒకటి వేయండి.

పై బొమ్మలో మొత్తం వ్యయ రేఖ 900 దగ్గర మొదలవుతుంది, సున్నా దగ్గర కాదు. ఇది పిల్లలతో గట్టిగా అనిపించండి. ఆ తర్వాత ఒక స్కేలు ఇచ్చి, ఒక కొసను రెండు అక్షాలూ కలిసేచోట ఆనించి పట్టుకోమనండి. స్కేలు అంచు రేఖ మీద మొదటి వాయి బిందువును తాకాలి. స్కేలు నిట్టనిలువుగా ఉన్నట్టు ఉంటుంది. అక్కడి నుంచి రెండో వాయి, మూడో వాయి అంటూ జరుపుతూ పోతే స్కేలు వాలుతుంది. ఎనిమిదో వాయి దగ్గర అన్నిటికంటే ఎక్కువ వాలి ఉంటుంది, తొమ్మిదో వాయికి మళ్లీ లేస్తుంది. ఆ స్కేలు ఎంత నిటారుగా ఉందన్నదే సగటు వ్యయం, ఎందుకంటే మొత్తాన్ని వాయిల సంఖ్యతో భాగిస్తే వచ్చేదీ అదే. బిందువు పైకే పోతోంది, స్కేలు మాత్రం ముందు వాలి తర్వాత లేస్తోంది. మీ పిల్లాడి చేత్తోనే జరిపించండి. నా దగ్గర ఆ అమ్మాయి ఇట్లా రెండుసార్లు జరిపి చూసుకుంది, ఇంకేమీ అడగలేదు.

అడగలేదని ఊరుకున్నానా, పది నిమిషాలకే మరొకటి వేసింది.

"అయితే ఎనిమిది వాయిలకే గానుగ ఆపేయమని నాన్నకు చెప్పాలా సార్? అక్కడే కదా సగటు అన్నిటికంటే తక్కువ."

ఈ ప్రశ్న మీకూ వస్తుంది. రాకపోతే మీరే అడగండి, ఎందుకంటే పాఠం అర్థమైనవాళ్లే ఇక్కడ జారుతారు. వాళ్ల నాన్న కిలోకు 25 రూపాయల కూలి తీసుకుంటాడు, అంటే వాయికి 300. ఎనిమిది వాయిలకు 2,400 వస్తుంది, ఖర్చు 1,620, మిగిలేది 780. తొమ్మిదికి 2,700 వస్తుంది, ఖర్చు 1,900, మిగిలేది 800. సగటు పెరిగినా జేబులో ఇరవై రూపాయలు ఎక్కువే పడ్డాయి. తొమ్మిదో వాయికి అయింది 280, వచ్చింది 300. ఎప్పుడు ఆపాలో చెప్పేది ఆ పోలిక. పదో వాయికి 400 పెట్టి 300 తెచ్చుకోవడం దండగ, మిగులు 700కు పడుతుంది. సగటు తక్కువగా ఉన్న చోటే లాభం ఎక్కువ అనుకోవడం పెద్దవాళ్లలో కూడా ఉంది. మా ఊళ్లో ఒక షావుకారు ఇదే మాట మీద నాతో గంటసేపు వాదించాడు. ఆయన లెక్క పుస్తకంలో సగటు ఉంది కానీ చివరి బస్తాకు ఎంత అయిందో రాసుకునే అలవాటు లేదు.

అట్లాగే పని లేని రోజుల సంగతి. మూడు వాయిలే వచ్చిన రోజు సగటు 370, కూలి 300. వాయికి డెబ్బై నష్టం అని గానుగ మూసేద్దామా అంటే, మూసినా ఆ 900 పోతుంది. ఆడితే వచ్చేది 900, అయ్యేది 1,110, పోయేది 210 మాత్రమే. ఇది చెప్పగానే ఆ అమ్మాయి, "నాన్న ఎందుకు మూసెయ్యడో ఇప్పుడు తెలిసింది" అంది.

మీ పిల్లాడికి నిజంగా ఎక్కిందో లేదో చూడటానికి 'నిర్వచించుము' అని అడగకండి. నిర్వచనం కంఠతా వస్తుంది. పట్టికలో సగటు వరుసను చేత్తో మూసి, 'ఏడు వాయిల దాకా సగటు 204, ఎనిమిదో వాయికి 190, సగటు ఎటు పోతుంది?' అని అడగండి. భాగించకుండా 'కిందికి' అంటే అర్థమైనట్టు. పెన్ను తీసి భాగించడం మొదలుపెడితే లెక్క వచ్చు కానీ కారణం ఇంకా పట్టలేదని.

తర్వాత ఇంటికి ఈ లెక్క ఇచ్చి పంపండి. పాత గానుగ చెడిపోయి కొత్త అప్పు చేశారు, స్థిర వ్యయం రోజుకు 900 నుంచి 1,800 అయింది, మిగతా ఖర్చులన్నీ అవే. ఏ వరుసలు మారతాయి, ఏది మారదు, సగటు ఇప్పుడు ఎక్కడ తిరుగుతుంది? ఉపాంత వ్యయం వరుస చెక్కుచెదరదు, మామ ఓవర్‌టైమ్‌కూ బ్యాంకు కంతుకూ సంబంధం లేదు కదా. మొత్తం వరుసలో ప్రతి అంకెకూ 900 కలుస్తుంది. సగటు మాత్రం తొమ్మిదో వాయి దగ్గర తిరగదు, పదో వాయి దగ్గర తిరుగుతుంది. ఎనిమిది వాయిలకు 315, తొమ్మిదికి 311, పదికి 320. పంచాల్సిన బరువు పెరిగింది కాబట్టి ఇంకొక వాయి దాకా పంచుకుంటూ పోవడమే చౌక. ఎన్ని వాయిలు ఆడితే మేలు అని కూడా అడగండి. వాయికి 300 వస్తుంటే ఇప్పుడూ తొమ్మిదే. నష్టం వంద రూపాయలు, ఎనిమిదికే ఆపితే నూట ఇరవై. కొందరు పిల్లలు 'అప్పు పెరిగింది కాబట్టి పది ఆడాలి' అని రాసుకొస్తారు. వాళ్లతో పదో వాయి 400 పక్కన 300 వేయించండి, తక్కినది వాళ్లే చూసుకుంటారు.